ఆర్మీ అగ్నివీరా, ఎస్‌ఎస్‌సీ జీడీనా? దరఖాస్తుకు ముందే తేల్చుకోవాల్సిన సంగతులు

పదో తరగతి అర్హతతో యూనిఫాం ఉద్యోగం కావాలనుకునే మన కుర్రాళ్ల ముందు ముఖ్యంగా రెండు దారులున్నాయి. ఒకటి ఆర్మీ అగ్నివీర్ జనరల్ డ్యూటీ. రెండోది స్టాఫ్ సెలక్షన్ కమిషన్ నిర్వహించే కానిస్టేబుల్ జీడీ. దీని ద్వారానే బీఎస్‌ఎఫ్, సీఆర్‌పీఎఫ్, సీఐఎస్‌ఎఫ్, ఐటీబీపీ, ఎస్‌ఎస్‌బీ, అస్సాం రైఫిల్స్ వంటి బలగాల్లోకి తీసుకుంటారు. చిన్న ఊళ్లలో ఈ రెండింటికీ ఒకే గ్రౌండ్‌లో పరుగెత్తుతారు, ఒకే కోచింగ్ సెంటర్‌లో చదువుతారు. అందుకే రెండూ ఒకటేలే, ఏది ముందు వస్తే దానికి వెళ్దాం అనే మాట తరచూ వినిపిస్తుంది. నిజానికి కొలతలు, వయసు, మార్కులు వేసే పద్ధతి, ఉద్యోగ కాలం అన్నీ వేరు. ఏడాది కష్టపడ్డాక ఎత్తు దగ్గర వెనక్కి రావడం కన్నా ముందే కూర్చుని లెక్క చూసుకోవడం మంచిది.

లెక్క మొదలుపెట్టాల్సింది ఎత్తుతోనే. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ అభ్యర్థులకు అగ్నివీర్ జీడీకి కావాల్సిన ఎత్తు 166 సెంటీమీటర్లు. ఎస్‌ఎస్‌సీ జీడీకి మగవాళ్లకు 170. ఎస్టీ అభ్యర్థులకు ఇక్కడ 162.5 సరిపోతుంది. ఛాతీ ఆర్మీకి 77, ఎస్‌ఎస్‌సీకి 80 ఉండాలి, ఎస్టీలకు 76. రెండు చోట్లా ఊపిరి పీల్చినప్పుడు కనీసం 5 సెంటీమీటర్లు పెరగాలి. అంటే 166 నుంచి 170 మధ్య ఎత్తున్న ఓసీ, బీసీ, ఎస్సీ కుర్రాడికి అసలు ఎంపిక ప్రశ్నే లేదు. అతని దారి ఆర్మీ వైపే. పరుగు ఎంత బాగా తీసినా, రాత పరీక్షలో ఎన్ని మార్కులు తెచ్చుకున్నా ఎస్‌ఎస్‌సీ కొలతల దగ్గర ఆగిపోతాడు.

ఇంట్లో గోడకు ఆనుకుని, చెప్పులతో, జుట్టు మీదుగా గీత గీసి కొలిస్తే ఒకటి రెండు సెంటీమీటర్లు ఎక్కువ వస్తుంది. ఉత్తి కాళ్లతో, మడమలు, పిరుదులు, భుజాలు గోడకు తాకేలా నిలబడి, తల మీద గట్టి అట్ట అడ్డంగా నొక్కి వేరేవాళ్ల చేత కొలిపించుకోండి. ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి చూడండి. పగలంతా నిలబడి, నడిచాక మనిషి ఎత్తు కొంచెం తగ్గుతుంది. సాయంత్రం వచ్చిన తక్కువ అంకెనే మీ ఎత్తుగా రాసుకోండి. 169.3 వచ్చినవాళ్లు ‘అక్కడ ఏదో ఒకలా సర్దుకుంటుంది’ అనుకోవద్దు. అక్కడ సర్దుబాటు ఉండదు.

ఎత్తు తర్వాత వయసు. అగ్నిపథ్ పథకాన్ని 2022 జూన్‌లో ప్రకటించినప్పుడు 17½ నుంచి 21 ఏళ్లు అన్నారు. ఆ ఒక్క ఏడాదికి మాత్రం పై పరిమితిని 23కి పెంచారు. పై వయసు మీరు దరఖాస్తు చేసే ఏడాది నోటిఫికేషన్‌లో ఎంత రాశారో అదే లెక్క. కులాన్ని బట్టి సడలింపు మాత్రం ఇందులో లేదు. ఓసీకైనా ఎస్సీకైనా ఒకటే వయసు. ఎస్‌ఎస్‌సీ జీడీకి 18 నుంచి 23. ఇక్కడ ఓబీసీలకు 3 ఏళ్లు, ఎస్సీ, ఎస్టీలకు 5 ఏళ్లు సడలింపు ఉంటుంది. కాబట్టి పై వయసు 21 అనుకుంటే, 19 ఏళ్ల ఓబీసీ కుర్రాడికి అగ్నివీర్ కిటికీ రెండేళ్లలో మూసుకుపోతుంది, ఎస్‌ఎస్‌సీ కిటికీ ఇంకో ఏడేళ్లు తెరిచే ఉంటుంది. రెండింటికీ అర్హత ఉన్నవాళ్లు ఈ తేడాని బాగా వాడుకోవచ్చు.

పదో తరగతి మార్కుల్లోనూ తేడా ఉంది. ఎస్‌ఎస్‌సీకి పది పాసైతే చాలు. అగ్నివీర్ జీడీకి మొత్తం మీద 45 శాతం, ప్రతి సబ్జెక్టులో 33 శాతం ఉండాలి. సప్లిమెంటరీలో గట్టెక్కి మొత్తం 42 శాతం దగ్గర ఆగినవాళ్లకు ఆర్మీలో జీడీ దొరకదు గానీ, ట్రేడ్స్‌మన్‌కు మొత్తం మీద శాతం నిబంధన లేదు, ప్రతి సబ్జెక్టులో 33 శాతంతో పాసైతే సరిపోతుంది. ఇంకో షరతు, అగ్నివీర్ అభ్యర్థికి పెళ్లయి ఉండకూడదు.

అమ్మాయిల విషయానికొస్తే పోలిక త్వరగా తేలిపోతుంది. ఆర్మీ అగ్నివీర్‌లో మహిళలకు మిలిటరీ పోలీస్ విభాగం ఒక్కటే ఉంది, 162 సెంటీమీటర్ల ఎత్తు కావాలి. ఎస్‌ఎస్‌సీలో మహిళలకు 157, ఎస్టీలకు 150 చాలు. పోస్టులు కూడా చాలా బలగాల్లో ఉంటాయి. 162 దాటిన అమ్మాయి రెండింటికీ దరఖాస్తు చేయొచ్చు, కానీ ప్రిపరేషన్ ఎస్‌ఎస్‌సీ చుట్టూ పెట్టుకోవడమే నయం.

మార్కులు ఎక్కడ పడతాయి

రెండు చోట్లా ముందు కంప్యూటర్ మీద రాత పరీక్షే. అగ్నివీర్‌లో తొలి ఏడాది ర్యాలీ ముందు, పరీక్ష తర్వాత ఉండేది. 2023 నుంచి అది తిరగబడింది. ఇప్పుడు కామన్ ఎంట్రన్స్ పరీక్షలో ఎంపికైనవాళ్లనే ర్యాలీకి పిలుస్తారు. జీడీకి గంటలో 50 ప్రశ్నలు, 100 మార్కులు. ఎస్‌ఎస్‌సీలో అదే గంటలో 80 ప్రశ్నలు, 160 మార్కులు. రీజనింగ్, జనరల్ నాలెడ్జ్, లెక్కలు, ఇంగ్లిష్ లేదా హిందీ తలా 20 ప్రశ్నలు. రెండింటిలోనూ తప్పు జవాబుకు మార్కులు కోస్తారు. ఎస్‌ఎస్‌సీ జీడీ పరీక్షను 2024 నుంచి తెలుగులోనూ రాయొచ్చు. ఆర్మీ పరీక్ష కూడా 2025 నుంచి తెలుగులో ఉంది.

అసలు తేడా గ్రౌండ్ దగ్గర వస్తుంది. ఆర్మీలో పరుగుకు మార్కులుంటాయి, అవి తుది మెరిట్‌లో కలుస్తాయి. 2025 లెక్క ప్రకారం 1.6 కిలోమీటర్లు 5 నిమిషాల 30 సెకన్లలోపు పూర్తి చేస్తే 60 మార్కులు, 5.45 లోపు 48, 6 నిమిషాల్లోపు 36, 6.15 లోపు 24. పుల్ అప్స్ 10 తీస్తే 40 మార్కులు, 9కి 33, 8కి 27, 7కి 21, 6కి 16. తొమ్మిది అడుగుల గుంత దూకడం, జిగ్‌జాగ్ బ్యాలెన్స్ పాసైతే చాలు, మార్కుల్లేవు. ఎస్‌ఎస్‌సీలో మగవాళ్లు 5 కిలోమీటర్లు 24 నిమిషాల్లో, మహిళలు 1.6 కిలోమీటర్లు ఎనిమిదిన్నర నిమిషాల్లో పూర్తి చేయాలి. 19 నిమిషాల్లో వచ్చినవాడూ 23.50కి వచ్చినవాడూ ఒకటే, ఇద్దరికీ అర్హత మాత్రమే. తుది జాబితా రాత పరీక్ష మార్కుల మీదే తయారవుతుంది. ఎన్‌సీసీ సర్టిఫికెట్ ఉంటే రెండు చోట్లా బోనస్ వస్తుంది.

ఈ ఒక్క సంగతి సరిగ్గా తెలియక చాలామంది శ్రమ తప్పు చోట పెడతారు. ఎస్‌ఎస్‌సీకి వెళ్లేవాళ్లు ఉదయం, సాయంత్రం గ్రౌండ్‌లోనే గడిపి లెక్కలు పక్కన పెడతారు. అగ్నివీర్‌కు వెళ్లేవాళ్లు పుల్ అప్స్ ఆరు వస్తే పాసే కదా అని ఆగిపోతారు. ఆరుకు, పదికి మధ్య 24 మార్కులున్నాయి. రాత పరీక్షలో అన్ని మార్కులు కావాలంటే 12 ప్రశ్నలకు అదనంగా సరైన జవాబు పెట్టాలి.

పరుగు సాధన కూడా వేర్వేరు. 400 మీటర్ల ట్రాక్ మీద 1.6 కిలోమీటర్లంటే నాలుగు రౌండ్లు. 5.30 కావాలంటే ఒక్కో రౌండ్ 82 సెకన్లలో రావాలి. 5 కిలోమీటర్లంటే పన్నెండున్నర రౌండ్లు, ఒక్కోటి 115 సెకన్లలో వస్తే 24 నిమిషాల్లో పడతారు. మొదటిది వేగం. రెండోది దమ్ము, ఒకే లయలో పోవడం. అగ్నివీర్‌కు సాధన చేసే కుర్రాడు ఎస్‌ఎస్‌సీ గ్రౌండ్‌లో మొదటి నాలుగు రౌండ్లు ఉరికి, ఎనిమిదో రౌండ్‌కు పక్క పట్టుకుని నడిచే ప్రమాదం ఉంది.

ఒక కుర్రాడి లెక్క

ఒక ఉదాహరణ చూద్దాం. వయసు 20, ఎత్తు 171, పదిలో 58 శాతం, ఓబీసీ. 1.6 కిలోమీటర్లకు 5 నిమిషాల 52 సెకన్లు పడుతోంది, పుల్ అప్స్ 7 వస్తున్నాయి. రీజనింగ్ బాగా చేస్తాడు, లెక్కలు ఫర్వాలేదు. రెండింటికీ అర్హుడే.

ఆర్మీ గ్రౌండ్‌లో ఇతనికి పరుగుకు 36, పుల్ అప్స్‌కు 21, కలిపి 57 మార్కులు వస్తాయి. పక్కనే 5.28లో వచ్చి పది పుల్ అప్స్ తీసినవాడికి 100. ఈ 43 మార్కుల తేడాని రాత పరీక్షలో పూడ్చాలంటే అవతలివాడి కన్నా 21, 22 ప్రశ్నలు ఎక్కువ సరిగ్గా చేయాలి. 50 ప్రశ్నల పరీక్షలో అది దాదాపు అయ్యే పని కాదు. అదే కుర్రాడు ఎస్‌ఎస్‌సీలో 5 కిలోమీటర్లు 23 నిమిషాల్లో పూర్తి చేయగలిగితే గ్రౌండ్‌లో ఎవరికీ తీసిపోడు. అతని బలం రాత పరీక్ష, అక్కడ దానికే విలువ.

అతనికి నేను చెప్పేది ఇది. అసలు ప్రిపరేషన్ ఎస్‌ఎస్‌సీకి పెట్టుకో. అగ్నివీర్‌కూ దరఖాస్తు చెయ్యి, వయసు దాటిపోతోంది కాబట్టి. కానీ రోజుకు పదిహేను నిమిషాలు బార్ మీద, వారంలో రెండు రోజులు 400 మీటర్ల వేగపు రౌండ్లకు ఇవ్వు. టైమింగ్ 5.45 లోపలికి దిగి, పుల్ అప్స్ తొమ్మిదికి చేరితే మొత్తం 81 అవుతుంది. అప్పుడు ఆర్మీ కూడా నిజమైన అవకాశంగా మారుతుంది.

ఇతనే 168 ఎత్తుండి ఉంటే సలహా పూర్తిగా మారేది. అప్పుడు ఏడాదంతా ఆ 82 సెకన్ల రౌండ్ కోసం, ఆ పదో పుల్ అప్ కోసమే.

నాలుగేళ్లా, అరవై ఏళ్ల దాకానా

చేరాక వచ్చేదాని గురించి సూటిగా మాట్లాడుకోవాలి. అగ్నివీర్ సర్వీసు నాలుగేళ్లు. మొదటి ఏడాది నెలకు 30,000 ప్యాకేజీలో 9,000 సేవా నిధికి పోయి చేతికి 21,000 వస్తుంది. నాలుగో ఏడాదికి 40,000, చేతికి 28,000. మీరు కట్టినంత ప్రభుత్వమూ జమచేస్తుంది. బయటికి వచ్చేటప్పుడు రెండూ కలిపి సుమారు 10.04 లక్షలు, దాని మీద వడ్డీ వస్తాయి. దీనికి ఆదాయపు పన్ను లేదు. సర్వీసులో ఉన్నంతకాలం 48 లక్షల బీమా ఉంటుంది, దానికి మీ జీతంలోంచి ఏమీ కోయరు. పెన్షన్, గ్రాట్యుటీ లేవు. బ్యాచ్‌లో 25 శాతం వరకే రెగ్యులర్ సర్వీసులోకి తీసుకుంటారు.

ఎస్‌ఎస్‌సీ కానిస్టేబుల్‌ది పే లెవెల్ 3. మూలవేతనం 21,700తో మొదలవుతుంది, దాని మీద డీఏ, ఇతర అలవెన్సులు. రిటైర్మెంట్ 60 ఏళ్లకు. పాత పద్ధతి పెన్షన్ ఉంటుందని చెప్పి ఆశపెట్టేవాళ్లను నమ్మొద్దు. 2004 తర్వాత చేరేవాళ్లకు నేషనల్ పెన్షన్ సిస్టమ్ అంటే ఎన్‌పీఎస్ వర్తిస్తోంది, 2025 ఏప్రిల్ నుంచి యూనిఫైడ్ పెన్షన్ స్కీమ్ అంటే యూపీఎస్ ఎంచుకునే వీలూ వచ్చింది.

రెండింటికీ సమానంగా అవకాశం ఉన్న కుర్రాడు, ఇంట్లో సంపాదించేవాళ్లు ఇంకెవరూ లేకపోతే, ఎస్‌ఎస్‌సీనే ఎంచుకోవాలని నా అభిప్రాయం. 18 ఏళ్లకే అగ్నివీర్‌గా చేరగలిగినవాడి సంగతి వేరు. 22కి బయటికి వచ్చినా చేతిలో డబ్బు, వయసు రెండూ మిగులుతాయి. మాజీ అగ్నివీర్లకు కేంద్ర బలగాల్లో 10 శాతం రిజర్వేషన్, వయసు సడలింపు ఇస్తామని 2022లోనే కేంద్రం ప్రకటించింది. ఆ కోటా ఏ బలగంలో ఎంత అమలవుతోందో ఆ బలగం నోటిఫికేషన్ చదివి తెలుసుకోండి. పోస్టర్ మీద రాసినదాన్ని పట్టుకుని నిర్ణయం తీసుకోవద్దు.

సమయం కూడా లెక్కలోకి రావాలి. 2025 ఎస్‌ఎస్‌సీ జీడీకి 2024 సెప్టెంబరులో దరఖాస్తులు మొదలయ్యాయి, పరీక్ష ఫిబ్రవరిలో జరిగింది, గ్రౌండ్ ఆగస్టులో మొదలైంది. దరఖాస్తు నుంచి ట్రైనింగ్ దాకా ఏడాదికి పైనే ఓపిక పట్టాలి.

కాగితాల దగ్గర పోయే ఉద్యోగాలు

మన రాష్ట్రాల్లో ఎక్కువగా దెబ్బతినేది ఓబీసీ సర్టిఫికెట్ దగ్గర. రాష్ట్ర ఉద్యోగాలకు, కాలేజీకి వాడే బీసీ-ఏ, బీసీ-బీ, బీసీ-డీ సర్టిఫికెట్ ఎస్‌ఎస్‌సీకి పనికిరాదు. కేంద్ర ప్రభుత్వ నమూనాలో, క్రీమీలేయర్ కాదని రాసిన ఓబీసీ సర్టిఫికెట్ కావాలి. రాష్ట్ర బీసీ జాబితాలో ఉన్న ప్రతి కులం కేంద్ర ఓబీసీ జాబితాలో ఉండదు. ముందు ఆ జాబితాలో మీ కులం పేరు, స్పెల్లింగ్‌తో సహా చూసుకోండి. లేకపోతే వయసు సడలింపూ లేదు, కేటగిరీ కటాఫూ లేదు. నోటిఫికేషన్‌లోని నమూనా పేజీని ప్రింట్ తీసి తహశీల్దార్ ఆఫీసుకు పట్టుకెళ్లండి. సర్టిఫికెట్ ఏ తేదీల మధ్య ఇచ్చినదై ఉండాలో కూడా నోటిఫికేషన్‌లో చూసుకోండి.

రెండోది నివాసం. ఎస్‌ఎస్‌సీ పోస్టులను రాష్ట్రాలవారీగా పంచుతారు, సరిహద్దు, నక్సల్ ప్రభావిత జిల్లాలకు విడిగా పోస్టులుంటాయి. దరఖాస్తులో మీరు ఏ రాష్ట్రం, ఏ జిల్లా రాశారో సర్టిఫికెట్ కూడా అదే చెప్పాలి. శ్రీకాకుళం అబ్బాయి హైదరాబాద్‌లో హాస్టల్లో ఉంటూ తెలంగాణ అని నొక్కితే రాత, గ్రౌండ్ దాటాక కూడా కాగితాల పరిశీలనలో ఆగిపోతాడు. ఆర్మీలో కూడా మీ జిల్లా ఏ రిక్రూటింగ్ ఆఫీస్ కిందికి వస్తే అక్కడికే వెళ్లాలి. ఆంధ్రకు గుంటూరు, విశాఖపట్నం, తెలంగాణకు సికింద్రాబాద్ ఆఫీసులున్నాయి.

మూడోది పేరు. పది మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉండి ఆధార్‌లో ఒక్క అక్షరమే ఉండటం మన దగ్గర మామూలే. పది మెమో ప్రకారం ఆధార్‌ను సరిచేయించుకోండి, నోటిఫికేషన్ రాకముందే. వచ్చాక ఆధార్ కేంద్రాల దగ్గర క్యూలు, గడువు టెన్షన్ రెండూ కలిసి మీద పడతాయి.

కళ్ల సంగతి కూడా ఇప్పుడే చూపించుకోండి. ఎస్‌ఎస్‌సీ జీడీలో అద్దాలతో సరిచేసుకున్న చూపు చెల్లదు. వర్ణాంధత్వం, చదును పాదాలు, మోకాళ్లు తగులుకోవడం, వెరికోస్ వెయిన్స్ ఉంటే మెడికల్‌లో అన్‌ఫిట్ రాస్తారు. ఊళ్లోని కంటి డాక్టర్ పరీక్షకు అయ్యే ఖర్చు, ఏడాది కోచింగ్ ఫీజు ముందు చాలా చిన్నది.

అసలు నోటిఫికేషన్ ఎక్కడుంటుంది

ఆర్మీ అగ్నివీర్‌కు ఒకటే చోటు, joinindianarmy.nic.in. ఎస్‌ఎస్‌సీకి ssc.gov.in. పాత ssc.nic.in చిరునామాతో చేసిన రిజిస్ట్రేషన్ పనికిరాదు, కొత్త సైట్‌లో మళ్లీ వన్ టైమ్ రిజిస్ట్రేషన్ చేసుకోవాలి. మన రెండు రాష్ట్రాలు కమిషన్ చెన్నై ప్రాంతం కిందికి వస్తాయి, దాని సైట్ sscsr.gov.in. గ్రౌండ్ అడ్మిట్ కార్డు ఎస్‌ఎస్‌సీ సైట్‌లో కనిపించక కంగారుపడేవాళ్లుంటారు, దాన్ని సీఆర్‌పీఎఫ్ తన rect.crpf.gov.in సైట్‌లో ఇస్తుంది. బీఎస్‌ఎఫ్, సీఐఎస్‌ఎఫ్ సొంతంగా తీసుకునే ట్రేడ్స్‌మన్, డ్రైవర్ పోస్టులు rectt.bsf.gov.in, cisfrectt.cisf.gov.in లలో వస్తాయి.

లింక్ చూసేటప్పుడు ముందున్న పేరు కన్నా చివర ముఖ్యం. https:// తర్వాత మొదటి / గుర్తు వచ్చేదాకా చదవండి. అక్కడ .gov.in లేదా .nic.in తో ముగియాలి. ssc.gov.in.example.com లాంటి చిరునామాలో gov.in కనిపిస్తుంది గానీ, చివర .com ఉంది కాబట్టి అది ప్రభుత్వ సైట్ కాదు. ఎయిర్‌ఫోర్స్, నేవీ అగ్నివీర్ దరఖాస్తులు కొన్నిసార్లు cdac.in వంటి వేరే చిరునామాల మీద నడుస్తాయి. అలాంటప్పుడు ఆ దళం అసలు సైట్ లోంచి లింక్ నొక్కి వెళ్లండి, వాట్సాప్‌లో వచ్చిన లింక్ నుంచి వద్దు.

యూట్యూబ్‌లోనో టెలిగ్రామ్‌లోనో కొత్త నోటిఫికేషన్ అని పీడీఎఫ్ వస్తే, అదే పీడీఎఫ్ అసలు సైట్‌లో దొరుకుతుందో లేదో చూడండి. దొరికితే అక్కడి కాపీనే దించుకుని చదవండి. ఎంప్లాయ్‌మెంట్ న్యూస్ వారపత్రికలో కూడా కేంద్ర నోటిఫికేషన్లు వస్తాయి. ఫీజు చూసినా విషయం తెలిసిపోతుంది. ఎస్‌ఎస్‌సీ జీడీకి 100 రూపాయలు, మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు అదీ లేదు. అగ్నివీర్‌కు 250. రెండూ సైట్ లోపల లాగిన్ అయ్యాకే కట్టాలి. ఎవరి ఫోన్ నంబరుకో యూపీఐ చేయమంటే అది మోసం.

‘మెడికల్‌లో పాస్ చేయిస్తాం, మాకు కోటా ఉంది’ అనేవాళ్లు ఒక పద్ధతిలో పనిచేస్తారు. పదిమంది దగ్గర డబ్బు తీసుకుంటారు, పైకి ఏమీ చేయరు. వాళ్లలో ఇద్దరు సొంత ప్రతిభతో సెలెక్ట్ అయితే అది తమ పనే అని చెప్పుకుంటారు. మిగతావాళ్లకు సగం వెనక్కిచ్చి నోరు మూయిస్తారు. ఒరిజినల్ మెమోలు తమ దగ్గర పెట్టుకునేవాళ్లూ ఉంటారు, ఎంత తెలిసినవాళ్లయినా ఇవ్వొద్దు. మెడికల్‌లో అన్‌ఫిట్ అయితే నిజమైన దారి రివ్యూ మెడికల్. ఆర్మీలో మిలిటరీ హాస్పిటల్‌కు రాస్తారు, ఎస్‌ఎస్‌సీలో బలగాల వైద్యులే మళ్లీ చూస్తారు. ఎక్కడికి, ఏ తేదీలోపు వెళ్లాలో మీకిచ్చే కాగితంలోనే ఉంటుంది.

కాల్ లెటర్ వాట్సాప్‌లో వస్తే ముందు సైట్‌లోకి మీ లాగిన్‌తో వెళ్లి, మీ రోల్ నంబరుకు అదే కాగితం అక్కడ ఉందా చూడండి. లేకపోతే, ఎంత పెద్ద సీలు వేసి ఉన్నా, రైలెక్కొద్దు. అప్పటికే డబ్బు పంపేసి ఉంటే ఆ గంటలోనే 1930కి ఫోన్ చేసి, cybercrime.gov.in లో ఫిర్యాదు పెట్టండి. ట్రాన్సాక్షన్ నంబరు, చాట్ స్క్రీన్‌షాట్లు దగ్గర పెట్టుకోండి. డబ్బు ఇంకా అవతలి ఖాతాలోనే ఉంటే దాన్ని ఆపించే వీలుంటుంది.